"నొక్కం టీచర్" అనేశాక ఏం చెప్పాలి?

(గుంటూరు అరండల్‌పేటలో ఒక శనివారం మధ్యాహ్నం హైస్కూల్ ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మాట్లాడేవాళ్ల కష్టం మీకు చెప్పక్కర్లేదు, మనందరం రోజూ ఆరో పీరియడ్ చెప్పేవాళ్లమే కదా. (నవ్వులు) అందుకే లోపలికి వచ్చేటప్పుడే, పిల్లలకి ఆన్‌లైన్ మోసాల పాఠం చెప్పడానికి నేను రాసుకున్న కార్డులు కొన్ని మీ చేతిలో పెట్టాను. పైనున్నది ఒకసారి చదవండి.

"మీకు తెలియని వ్యక్తి నుంచి ఒక అనుమానాస్పదమైన లింక్ వచ్చింది. మీరు ఏం చేస్తారు?"

నేను రాసిన మొట్టమొదటి కార్డు ఇదే. పదో తరగతిలో నలభై మంది పిల్లల ముందు చదివాను. వాక్యం పూర్తికాకముందే వెనక బెంచీ దాకా ఒకటే కోరస్, "నొక్కం టీచర్" అని. నాకు భలే సంతోషం వేసింది. పాఠం ఎక్కేసిందనుకుని, మిగిలిన టైమ్‌లో లెక్కల టీచర్ అడిగితే పీరియడ్ ఇచ్చేశాను కూడా.

మూడు వారాలు తిరక్కుండానే ఆ కోరస్‌లో అందరికంటే గట్టిగా అరిచిన పిల్లాడే వాళ్ల నాన్న ఫోన్‌లో ఒక ఫైల్ ఇన్‌స్టాల్ చేశాడు. ఆయన ఆటో నడుపుతారు. మర్నాడు పొద్దున చూసుకుంటే ఖాతాలోంచి రెండు విడతలుగా డబ్బు వెళ్లిపోయింది. పిల్లాడు రెండు రోజులు బడికి రాలేదు. వచ్చాక పక్కకి పిలిచి, మనం చెప్పుకున్నాం కదరా అన్నాను. వాడి జవాబు నాకు ఇప్పటికీ మాట మాటా గుర్తుంది. "టీచర్, అది తెలియనివాళ్లు పంపలేదు. మన క్లాస్ గ్రూపులో వచ్చింది. లింక్ కూడా కాదు, హాల్ టికెట్."

తప్పు వాడిది కాదు, నా కార్డుది. ప్రశ్నలోనే జవాబు పెట్టి ఇచ్చాను. "తెలియని" అన్నాను, "అనుమానాస్పదమైన" అన్నాను. ఆ రెండు మాటలు చూసి ఐదో తరగతి పిల్లలైనా నొక్కం అంటారు. నిజమైన మోసం నుదుటి మీద బొట్టు పెట్టుకుని రాదు కదా. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ రెండు మాటలు తీసేసి కార్డు రాయడం గురించే.

ఇప్పుడు రెండో కార్డు తిప్పండి. ఆ సంఘటన తర్వాత తిరగరాసింది. పేరు మార్చాను.

"రాత్రి 9:40. పదో తరగతి గ్రూపులో మీ పక్క బెంచీ హర్ష నంబర్ నుంచి మెసేజ్. 'హాల్ టికెట్లు వచ్చేశాయ్ రా. ఇది ఇన్‌స్టాల్ చేసుకుంటే డైరెక్ట్‌గా వచ్చేస్తది. పదింటి తర్వాత సర్వర్ ఆగిపోద్దంట.' కింద ఫైల్: `SSC_HallTicket.apk`. ఇప్పటికే ఇద్దరు 'థాంక్స్ రా' అన్నారు. నీ చేతిలో ఉన్నది నాన్న ఫోన్. ఆయన నిద్రపోతున్నారు."

ఇందులో ప్రతి ముక్కకీ ఒక పని ఉంది. తెలిసిన నంబర్ ఎందుకంటే, ఒకరి ఫోన్ గానీ వాట్సాప్ ఖాతా గానీ మోసగాళ్ల చేతిలో పడ్డాక, ఆ ఫైల్ వాళ్ల గ్రూపులన్నిటికీ వాళ్ల పేరుతోనే వెళ్తుంది. పంపింది హర్ష నంబరే, హర్ష మాత్రం కాదు. పదింటి గడువు తొందర పెట్టడానికి. 'థాంక్స్ రా' అన్నది, వాళ్లు నొక్కేశారు కదా అని ధైర్యం ఇవ్వడానికి. నాన్న ఫోన్ అన్నది మాత్రం మనం మర్చిపోయే విషయం. మన పిల్లల్లో చాలామందికి సొంత ఫోన్ లేదు. వాళ్లు వాడే ఫోన్‌లోనే ఇంటి బ్యాంకు యాప్ ఉంటుంది, ఓటీపీలూ దానికే వస్తాయి. పట్నంలో ఎవరో రాసిన పాఠంలో "నీ ఫోన్, నీ ఖాతా" అని ఉంటే మన పిల్లలకి అది తమ గురించి కాదనిపిస్తుంది.

కార్డు మొత్తంలో పట్టుకోగలిగిన ఆనవాలు ఒక్కటే. ఫైల్ చివరన ఉన్న ఆ మూడక్షరాలు, `.apk`. హాల్ టికెట్ అంటే ఒక కాగితం. కాగితం ఫోన్‌లోకి `.pdf` గా వస్తుంది. `.apk` అంటే కాగితం కాదు, యాప్. ప్లే స్టోర్ తలుపు తట్టకుండా దొడ్డిదారిన వచ్చే యాప్. దాన్ని తెరిస్తే ఫోన్ ఊరుకోదు పాపం, ఇలాంటి తెలియని చోటు నుంచి ఇన్‌స్టాల్ చేయనివ్వాలా అని ఒకసారి అడుగుతుంది. సరే అంటే, యాప్ లోపలికొచ్చి ఎస్ఎంఎస్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. అక్కడ కార్డు ఆపి పిల్లల్ని అడుగుతాను, హాల్ టికెట్‌కి మీ నాన్న మెసేజ్‌లు చదవాల్సిన అవసరం ఏంటి అని. కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఎవరో ఒకరు నెమ్మదిగా "ఓటీపీ టీచర్" అంటారు. ఆ మాట నేను చెప్పకూడదు. వాళ్ల నోటి నుంచే రావాలి. అందుకే రెండు నిమిషాలైనా సరే కాచుకుని కూర్చుంటాను.

ఇంకో మాట. కార్డు కింద "ఇది మోసమా, కాదా?" అని అడగొద్దు. అడిగితే అది క్విజ్ అయిపోతుంది. పిల్లలు మన మొహం చూసి జవాబు చెప్తారు. నేను అడిగేది "వచ్చే రెండు నిమిషాల్లో నీ చెయ్యి ఏం చేస్తుంది?" అని. గుంపుకి ఐదుగురు, ఒక కాగితం, వాళ్లే రాయాలి.

ఈ ప్రశ్న వల్లే నాకు పెద్ద తప్పొకటి బయటపడింది. ఎనిమిది గుంపుల్లో ఐదు గుంపులు "హర్షని అడుగుతాం" అని రాశాయి. మంచిదే. ఎలా అడుగుతారు అన్నాను. "వాట్సాప్‌లోనే, పర్సనల్‌గా మెసేజ్ పెడతాం." అప్పుడు నేనే హర్ష నంబర్ అవతల కూర్చున్న మోసగాడినై, బోర్డు మీద జవాబు రాశాను. "అవున్రా, నేనే పంపా. నాకు వచ్చింది, త్వరగా చేస్కో." క్లాసంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే విషయం వాళ్లకి ఎక్కింది. ఏ దారిలో మెసేజ్ వచ్చిందో అదే దారిలో నిజమా అని అడిగితే జవాబిచ్చేది దొంగే కావచ్చు. మామూలు ఫోన్ కాల్ చేసి హర్ష గొంతు వినాలి. లేదంటే పొద్దున బడికొచ్చి అడగాలి. హాల్ టికెట్ ఎక్కడికీ పారిపోదు.

సరే, మూడో కార్డు. ఈ కార్డు లేకపోతే ముందుది ప్రమాదం అని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

"ప్రభుత్వం వాట్సాప్‌లో హాల్ టికెట్ ఇస్తోందని పేపర్లో చదివి, అక్క 9552300009 నంబర్ సేవ్ చేసి Hi పెట్టింది. అది సేవలు ఎంచుకోమంది. వివరాలు ఇస్తే `.pdf` ఫైల్ పంపింది. అక్క తెరవబోతోంది. నువ్వేం చేస్తావు?"

చెప్పండి, మీరేమంటారు? (సభలోంచి: "ఆపాలి!") చూశారా. పిల్లలూ అదే అన్నారు. ఫోన్ లాక్కుంటాం అని కూడా రాశారు ఒక గుంపువాళ్లు. కానీ ఇది నిజం. మన మిత్ర, మన రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ. 2025 జనవరిలో మొదలైంది. ఆ ఏడాదే పదో తరగతి, ఇంటర్ హాల్ టికెట్లు అందులో ఇచ్చారు. నంబర్ కూడా అదే.

అంటే ముందు కార్డుతో నేను నేర్పింది తేడా కనిపెట్టడం కాదు, భయపడటం. అన్నిటికీ మోసం అనేవాడికి నా క్విజ్‌లో నూటికి నూరు వస్తాయి. ఎందుకంటే నా కార్డులన్నీ మోసాలే. కానీ నిజంగా వచ్చిన సేవ వదులుకుంటాడు. లేదా పది నిజాలు చూసి, ఈ టీచర్ ఉత్తినే భయపెట్టిందని పదకొండోసారి నొక్కేస్తాడు. అందుకే ఇప్పుడు మూడు కార్డులకి ఒకటైనా అసలైనది పెడుతున్నాను. ఎన్ని పెట్టానో పిల్లలకి చెప్పను. "మూడింట్లో ఒకటి నిజం" అని తెలిస్తే లెక్కపెట్టుకుంటారు, వాళ్లు ఎంసెట్ కోచింగ్ ఊళ్లో పుట్టిన పిల్లలు మరి. (నవ్వులు)

రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి తేడా ఏంటో వాళ్లనే చూడమంటాను. రెండూ వాట్సాపే, రెండూ హాల్ టికెట్టే. ఒకదాంట్లో వాళ్లే మన దగ్గరికొచ్చారు, ఇంకోదాంట్లో బయట తెలుసుకున్న నంబర్‌కి మనమే వెళ్లాం. ఒకటి ఇన్‌స్టాల్ చేయమంది, ఇంకోటి కాగితం ఇచ్చింది. ఇక్కడ ఒక అబ్బాయి మంచి మెలిక పెట్టాడు. మోసగాడు మన మిత్ర బొమ్మే డీపీగా పెట్టుకుని వేరే నంబర్ నుంచి పంపితే? అదే తర్వాతి బ్యాచ్‌కి కొత్త కార్డు అయ్యింది. బొమ్మ ఎవడైనా పెట్టుకోవచ్చు, నంబర్ చూడాలి.

బడికెళ్లే పిల్లల అమ్మలకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు పడే రోజుల్లో ఇదే కార్డుని మార్చి రాస్తాను. 13,000 అమ్మ ఖాతాలో పడాలి, పక్కింటివాళ్లకి పడ్డాయి, మనకి పడలేదు. అప్పుడే "పడలేదా? ఇక్కడ వివరాలు ఇవ్వండి" అని మెసేజ్. పడకపోతే అడగాల్సిన చోటు సచివాలయం. ఊళ్లో ఆ వారం ఏది నడుస్తుంటే మోసం కూడా ఆ బట్టలే వేసుకుంటుంది. కాబట్టి లామినేషన్ చేయించుకుని పదేళ్లు వాడదామని మాత్రం అనుకోకండి. నేను చేయించాను, మూడొందలు దండగ.

ఇక ఆ హర్ష కార్డు వెనకవైపు. ఇది ముందువైపు కంటే ముఖ్యం.

"నొక్కేశావు. ఇన్‌స్టాల్ అయిపోయింది. అనుమతి కూడా ఇచ్చేశావు. ఐదు నిమిషాల తర్వాత హర్ష ఫోన్ చేసి 'నేను పంపలేదు రా' అన్నాడు. నాన్న ఇంకా నిద్రలోనే ఉన్నారు."

మన పిల్లాడు ఆ రాత్రి ఏం చేశాడో తెలుసా? యాప్ డిలీట్ చేశాడు, చాట్ కూడా డిలీట్ చేశాడు, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. దెబ్బల భయం. ఆ రాత్రి లేపి ఉంటే ఎంతో కొంత ఆగేదేమో. పోయిన డబ్బు ఒక్కచోట ఉండదు, ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి, అక్కడి నుంచి మరో దానికి పోతూ ఉంటుంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆ దారిలో ఉన్న బ్యాంకులకి సమాచారం వెళ్తుంది, ఇంకా బయటికి తీయని మొత్తాన్ని ఆపగలుగుతారు. తీసేసుకున్నాక ఆపడానికేమీ ఉండదు. అందుకే పొద్దున చేసే ఫోన్‌కీ రాత్రి చేసే ఫోన్‌కీ అంత తేడా. అయితే రాత్రే చేసినా డబ్బంతా వెనక్కి వస్తుందని పిల్లలకి మాట ఇవ్వకండి.

వరస ఇలా చెప్తాను. ముందు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు, వైఫై కూడా ఆగిందో లేదో చూడు. వచ్చిన ఓటీపీ బయటికి పోయే దారి మూసుకుంటుంది. వెంటనే నాన్నని లేపు. అమ్మ ఫోన్ నుంచో పక్కింటివాళ్ల ఫోన్ నుంచో బ్యాంకుకి, 1930కి చెయ్యండి. తర్వాత cybercrime.gov.in లో ఫిర్యాదు. చాట్ చెరపొద్దు, అదే సాక్ష్యం. ఇంకో ఫోన్‌తో దాన్ని ఫోటో తీసి పెట్టుకో. ఖాతా సంగతి బ్యాంకు చూసుకున్నాక, ఫోన్‌ని మళ్లీ మొదటి నుంచి సెట్ చేయించాలి, ఉత్త డిలీట్‌తో సరిపోదు.

ఇందులో అసలు కష్టమైన మెట్టు నాన్నని లేపడం. దాన్ని క్లాసులో చేయిస్తాను. ఒకరు నాన్న, ఒకరు పిల్లాడు. చెప్పాల్సింది ఒకే వాక్యం. "నాన్నా, నీ ఫోన్‌లో తప్పు ఫైల్ వేశాను, ముందు బ్యాంకుకి ఫోన్ చేద్దాం, తర్వాత తిట్టు." మొదటిసారి నవ్వుతారు. రెండోసారి నాన్న వేషం వేసినవాడు నిజంగానే అరుస్తాడు, వాళ్లింట్లో ఎలా అరుస్తారో అచ్చం అలాగే. ఆ తర్వాత క్లాసులో నవ్వు ఉండదు. ఒకమ్మాయి ఆ వాక్యాన్ని అరచేతి మీద పెన్నుతో రాసుకుంది.

పాస్‌వర్డుల దగ్గర నేను చేసిన తప్పు చెప్పి తొందరగా ముగిస్తాను. మంచి పాస్‌వర్డ్ ఒకటి కాగితం మీద రాయండి అన్నాను. నలభై కాగితాలు వచ్చాయి. చూస్తే సగం మంది తమ నిజం పాస్‌వర్డులే రాసేశారు! పేర్లతో సహా. అక్కడికక్కడే చింపేసి, ఇంటికెళ్లి మార్చుకోండ్రా అని బతిమాలాల్సి వచ్చింది. అప్పటి నుంచి పిల్లల సొంత పాస్‌వర్డ్ జోలికి వెళ్లను. చందు అని ఒక లేని పిల్లాడున్నాడు నా కార్డులో. వాడి ఇన్‌స్టా బయో ఇది: "2010, బెజవాడ, జెర్సీ 18, లాస్య తమ్ముడు". ఐదు ఊహల్లో వాడి పాస్‌వర్డ్ కనుక్కోండి అంటాను. వెనకవైపు `Chandu@18` అని ఉంటుంది. ప్రతిసారీ రెండు మూడు గుంపులు కనుక్కుంటాయి. పెద్దక్షరం ఉంది, అంకె ఉంది, గుర్తు ఉంది, తొమ్మిది అక్షరాలున్నాయి, ఫారం నింపేటప్పుడు పచ్చగా టిక్ కూడా పడుతుంది. కానీ పక్క బెంచీవాడికి తెలిసిపోయింది.

తర్వాత ఒక డబ్బాలో 200 చీటీలు. గంప, ఉడుత, రైలు, చింతాకు, ఇలాంటి మాటలు. కళ్లు మూసుకుని ఒకటి తీసి, చూసి, మళ్లీ డబ్బాలో వేసి, అలా నాలుగుసార్లు తీయాలి. 200 × 200 × 200 × 200 చేస్తే 160 కోట్లు, ఈ లెక్క పిల్లలతోనే చేయిస్తాను. `gampa-uduta-railu-chintaku` గుర్తుండిపోతుంది, చందు బయో చదివి ఎవరూ కనుక్కోలేరు. చీటీ తీయడం ఎందుకంటే, మనసుకి నచ్చింది పెట్టుకోమంటే మళ్లీ హీరో పేరే పెడతారు. క్లాసులో వచ్చింది మాత్రం వాడొద్దు, అందరూ చూశారు కదా, ఇంటికెళ్లి వేరేది తీసుకోవాలి.

చందు కథకి రెండో కార్డు కూడా ఉంది. గేమ్‌లో ఉచితంగా డైమండ్లు ఇస్తామన్న సైట్‌లో వాడు గేమ్ పాస్‌వర్డ్ కొట్టాడు. మెయిల్‌కీ అదే పాస్‌వర్డ్. "వాడికి ఏమేం పోయాయి?" అంటే పిల్లలు గేమ్ ఐడీ దగ్గర ఆగిపోతారు. మెయిల్ చేతికి చిక్కితే "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని నొక్కుతూ మిగతావన్నీ తెరుచుకుంటూ పోవచ్చని బోర్డు మీద గీతలు గీసి చూపించాలి. కాబట్టి పిల్లలు ఇంకేం చేసినా చేయకపోయినా, మెయిల్‌కి వేరే పాస్‌వర్డ్, దానికి రెండంచెల ధ్రువీకరణ. ఒక్క పీరియడ్‌లో ఇంతకంటే అడగను.

(సభలోంచి ఒక ఉపాధ్యాయిని: "మేడం, ఫోటోల సంగతి? ఆడపిల్లల్ని ఫోటోలతో బెదిరించే కార్డు కూడా ఇలాగే ఆడించాలా?")

వద్దమ్మా. దానికి కార్డు రాశాను కానీ వేషాలు వేయించను. ఆ క్లాసులోనే అది నిజంగా జరుగుతున్న పిల్ల కూర్చుని ఉండొచ్చు. పక్కవాళ్లు వేషం వేస్తూ నవ్వితే, ఆ పిల్ల ఇక జన్మలో నోరు విప్పదు. "మీలో ఎవరికైనా ఇలా అయ్యిందా?" అని కూడా అడగను. కార్డులో ఉన్న మూడో మనిషి గురించే మాట్లాడతాం. "ఫోటో పంపకపోతే పాతది అందరికీ పెడతా అన్నాడు. ఆమె ఎవరికి మొదట చెప్పొచ్చు?" అంతవరకే. "ఆమె ఎందుకు పంపింది?" అన్న ప్రశ్న కార్డులో ఎక్కడా ఉండదు. క్లాసులో ఎవరైనా అడిగితే, మనం ఇప్పుడు మాట్లాడేది బెదిరించినవాడి గురించి అని చెప్పి ముందుకెళ్తాను. 1098 బోర్డు మీద రాస్తాను, పిల్లల హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పని చేస్తుంది. అందరి చేతా నోటుబుక్‌లో రాయిస్తాను. అందరూ రాస్తుంటే అవసరమైన పిల్ల కూడా ఎవరి కంటా పడకుండా రాసుకుంటుంది.

ఇంకోటి, ఇది మన మెడకి చుట్టుకునే విషయం. పాఠం మొదలుపెట్టకముందే చెప్పాలి. "మీరు నాకు ఏది చెప్పినా ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, జరగొచ్చని భయం ఉన్నా, పోలీసులకి తెలియజేయడం మన బాధ్యత. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష కూడా ఉంది. ఫోటోలు పెట్టి ఇలా బెదిరించడం ఆ చట్టం కిందకి వస్తుంది. ముందు మాటిచ్చి తర్వాత చెప్తే ఆ పిల్ల దృష్టిలో మనం కూడా మోసం చేసినట్టే. నేను ఇలా అంటాను: "మీరు చెప్పింది స్టాఫ్ రూమ్‌లో కబుర్లు చెప్పను. కానీ మీకు ప్రమాదం ఉంటే, సాయం చేయగలిగినవాళ్లకి చెప్పాల్సి వస్తుంది. చెప్పే ముందు నీతో చెప్పి చెప్తాను."

(మరొకరు: "పీరియడ్ నలభై ఐదు నిమిషాలే కదా, ఇవన్నీ ఎలా?")

ఇవన్నీ కాదు సార్. ఒక పీరియడ్‌కి మూడు కార్డులే. మొదట్లో ఆరు పెట్టాను, చివరి మూడూ గబగబా చదివేసి బెల్ కొట్టించుకున్నాం. హాల్ టికెట్ కార్డు, దాని వెనకవైపు, మన మిత్ర కార్డు, ఒక పీరియడ్ అయిపోతుంది. చందు ఇంకో రోజు. ఫోటో కార్డు మూడో రోజు, దానికి ముందు మీ ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి పెట్టుకోండి, పిల్ల వచ్చి చెప్తే ఎవరు ఏం చేయాలో అనుకుని ఉండాలి.

పాఠం ఎక్కిందో లేదో తెలుసుకోవడానికి పరీక్ష పెట్టను. రెండు వారాలు ఆగి, పిల్లల్నే కార్డులు రాసుకురమ్మంటాను. ఒకటి మోసం, ఒకటి నిజం. పక్క సెక్షన్‌వాళ్లు తేల్చాలి. ఎవరైనా "తెలియని వ్యక్తి నుంచి" అని మొదలుపెడితే, వాళ్లకి ఇంకా అందలేదని అర్థం. పోయినసారి ఒకడు రాసుకొచ్చిన కార్డు చదువుతాను. "మా టీచర్ నంబర్ నుంచి మెసేజ్: నేను మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ ఎత్తలేను, రెండు వేలు అర్జెంట్‌గా పంపు, సాయంత్రం ఇచ్చేస్తా." కింద సంతకం నాది. వెనకవైపు జవాబు: "మా టీచర్ మా దగ్గర డబ్బులు అడగదు, స్టాఫ్ రూమ్‌లో అడుగుతుంది." (నవ్వులు)

ఖాళీ కార్డులు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి, తలా పది తీసుకోండి. మన మిత్ర కార్డు మాత్రం మర్చిపోవద్దు.